రెండు ఉష్ణోగ్రతల దగ్గర K తెలిసినప్పుడు ΔH: Kp తో -104.9, Kc తో -92.9. ఏది నమ్మాలి?

కిరణ్మయి

అమ్మోనియా సంశ్లేషణకు రెండు ఉష్ణోగ్రతల దగ్గర సమతాస్థితి స్థిరాంకాలు ఇచ్చి, చర్యా ఎంథాల్పీ కనుక్కోమన్నారు. ఆ తర్వాత 450 °C దగ్గర స్థిరాంకం ఎంతో చెప్పాలి. చర్య ఇది:

N₂ + 3H₂ ⇌ 2NH₃

Kp విలువలు 400 °C దగ్గర 1.64×10⁻⁴, 500 °C దగ్గర 1.45×10⁻⁵. పీడనాలన్నీ అట్మాస్ఫియర్లలో ఉన్నాయి. వాంట్ హాఫ్ సమీకరణాన్ని సమాకలనం చేసిన రూపం వాడాను:

ln(K₂/K₁) = −(ΔH/R)(1/T₂ − 1/T₁)

ఉష్ణోగ్రతలు 673, 773 కెల్విన్‌లు. ఎడమవైపు −2.426 వచ్చింది. కుడివైపు బ్రాకెట్టు విలువ −1.922×10⁻⁴. దాంతో ΔH = −104.9 కిలోజౌళ్ళు.

ఇంతవరకూ సందేహం లేదు. సరిచూసుకుందామని అదే లెక్కను Kc తో చేశాను. Kp ని (RT)² తో గుణిస్తే 400 °C దగ్గర Kc = 0.500, 500 °C దగ్గర 0.0583 అవుతాయి. వీటిని అదే సమీకరణంలో పెడితే −92.9 కిలోజౌళ్ళు వచ్చింది. పట్టికలో చూస్తే ఈ చర్యకు ΔH° = −92.2 అని ఉంది. అంటే Kc తో చేసిందే సరైనదా? అలాగైతే Kp లెక్కలో తప్పెక్కడుంది? రెండూ ఒకే సమతాస్థితిని చెబుతున్నప్పుడు 12 కిలోజౌళ్ళ తేడా ఎలా వస్తుంది?

అనూష

ముందు ఉష్ణోగ్రతలు చూసుకోండి. చాలామంది సెల్సియస్ విలువలనే పెట్టేస్తారు. రెండింటి మధ్య తేడా ఎలాగూ 100 డిగ్రీలే కదా, ఏ కొలమానమైతే ఏమిటి అనుకుంటారు. కానీ ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఉష్ణోగ్రతల తేడా కాదు, వాటి విలోమాల తేడా. మీ లెక్కలో పొరపాటు అక్కడే ఉండి ఉంటుంది.

కిరణ్మయి

కెల్విన్‌లలోనే పెట్టానండీ. 400, 500 అని పెట్టి చూస్తే −40.3 వస్తుంది. అది నాకు వచ్చిన రెండు జవాబుల్లో దేనికీ దగ్గరగా లేదు.

శ్రీధర్

నా ఉద్దేశంలో Kc జవాబే సరైనది. Kp విలువలకు అట్మాస్ఫియర్⁻² అనే ప్రమాణం ఉంది. పీడనాన్ని బార్‌లలోనో పాస్కల్‌లలోనో తీసుకుంటే Kp విలువే మారిపోతుంది. అలా ప్రమాణాన్ని బట్టి మారే సంఖ్యకు సంవర్గమానం తీసి ఎంథాల్పీ రాబట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. Kc పట్టిక విలువకు 0.7 తేడాలో వచ్చిందంటే అంతకన్నా రుజువు ఏం కావాలి? పట్టిక విలువను ఉష్ణమాపకంలో స్వతంత్రంగా కొలిచారు. దానితో కలిసినదాన్నే తీసుకోవాలి.

విశాలాక్షి

శ్రీధర్ గారూ, ప్రమాణం గురించిన ఆందోళనలో సగం నిజముంది. Kp విలువ మనం ఎంచుకున్న పీడన ప్రమాణాన్ని బట్టి మారుతుంది, అది నిజమే. కానీ రెండు ఉష్ణోగ్రతల దగ్గరా అదే ప్రమాణం వాడితే K₂/K₁ నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది. రెండు Kp లనూ బార్‌లలోకి మార్చి చూడండి. రెండూ ఒకే గుణకంతో మారతాయి, ఎంథాల్పీలో మార్పు రాదు.

Kp నుంచి Kc కి వెళ్ళేటప్పుడు జరిగేది వేరు. అక్కడ గుణకం (RT)². అందులో T ఉంది కాబట్టి 673 దగ్గర ఒక సంఖ్యతో, 773 దగ్గర ఇంకా పెద్ద సంఖ్యతో గుణిస్తున్నాం. నిష్పత్తి మారుతుంది, దానితోపాటే రేఖ వాలు కూడా మారుతుంది. కిరణ్మయి గారికి కనిపించిన 12 కిలోజౌళ్ళు అక్కడినుంచే వచ్చాయి. లెక్కలో తప్పేమీ లేదు.

కొద్దిగా అవకలనం చేస్తే ఇది కళ్ళకు కడుతుంది. వాయువులు ఆదర్శంగా ప్రవర్తిస్తాయనుకుంటే:

ln Kp = ln Kc + Δn·ln(RT)

రెండువైపులా T తో అవకలనం చేయండి. ఎడమవైపు ΔH/RT². కుడివైపు రెండో పదం Δn/T ఇస్తుంది. దాన్ని ఇటు తెస్తే:

d(ln Kc)/dT = (ΔH − Δn·RT)/RT² = ΔU/RT²

అంటే Kc వాలు ఇచ్చేది ఎంథాల్పీ మార్పును కాదు, అంతర్గత శక్తి మార్పును. ఈ చర్యలో నాలుగు మోల్‌ల వాయువు రెండు మోల్‌లవుతుంది, అంటే Δn = −2. అందుకే ΔU = ΔH + 2RT. మీ రెండు ఉష్ణోగ్రతల నడుమ, 720 కెల్విన్‌ల దగ్గర, 2RT దాదాపు 12.0 కిలోజౌళ్ళు. −104.9 కి 12.0 కలిపి చూడండి, −92.9 వస్తుంది. మీ రెండు జవాబులూ సరైనవే. ఒకటి ΔH, మరొకటి ΔU.

శ్రీధర్

అవకలనం ఒప్పుకుంటాను. కానీ అప్పుడు పట్టికలో ఉన్న ΔH° = −92.2 మీ ΔU తో ఎందుకు కలిసింది? ΔH తో ఎందుకు కలవలేదు? మీరు చెప్పేది నిజమైతే −104.9 పట్టికకు దగ్గరగా రావాలి కదా. 12 కిలోజౌళ్ళ తేడాను ఇంతటితో వదిలేయలేం.

విశాలాక్షి

ఈ లెక్కలో చాలామంది తప్పుదారి పట్టేది సరిగ్గా ఇక్కడే, అందుకే తీరిగ్గా రాస్తాను.

పట్టికలోని −92.2 విలువ 25 °C ది. మీ రెండు బిందువులూ 400, 500 °C లవి. ఈ మధ్యలో ఎంథాల్పీ మారకుండా ఉండాలంటే ఉత్పన్నాల ఉష్ణధారణ, క్రియాజనకాల ఉష్ణధారణ సమానంగా ఉండాలి. ఇక్కడ అవి సమానంగా లేవు. 25 °C దగ్గర రెండు మోల్‌ల అమ్మోనియాకు దాదాపు 70 జౌళ్ళు/కెల్విన్. ఒక మోల్ నైట్రోజన్, మూడు మోల్‌ల హైడ్రోజన్ కలిపితే 115.6. తేడా −45.5. అంటే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా ΔH మరో 45 జౌళ్ళు రుణ దిశలోకి జరుగుతుంది. నాలుగు వందల డిగ్రీలు ఎక్కేసరికి అది కిలోజౌళ్ళలో లెక్కపెట్టవలసినంత అవుతుంది.

ΔCp కూడా స్థిరంగా ఉండదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ అమ్మోనియా అణువులోని కంపనాలు శక్తిని తీసుకోవడం మొదలుపెడతాయి, దాని ఉష్ణధారణ బాగా పెరుగుతుంది. నైట్రోజన్, హైడ్రోజన్‌లది అంతగా పెరగదు. అందువల్ల 450 °C దగ్గరకు వచ్చేసరికి తేడా సగానికి దగ్గరగా తగ్గిపోతుంది. మొత్తం కూడితే ఆ ప్రాంతంలో ΔH రమారమి −105, −106 కిలోజౌళ్ళు. కిరణ్మయి గారికి Kp తో వచ్చిన −104.9 దానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. రెండంటే రెండు బిందువుల నుంచి వచ్చిన జవాబుకు ఇది చాలా మంచి ఫలితం.

ఇక −92.9, −92.2 కలవడం కేవలం యాదృచ్ఛికం. 25 నుంచి 450 °C దాకా ΔH జారినది దాదాపు 13 కిలోజౌళ్ళు. 450 దగ్గర 2RT దాదాపు 12 కిలోజౌళ్ళు, అదీ వ్యతిరేక దిశలో. ఒకదానితో ఒకటికి సంబంధం లేని రెండు రాశులు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి.

యాదృచ్ఛికమో కాదో తేల్చుకోవాలంటే వేరే చర్య మీద ప్రయత్నించాలి. N₂O₄ ⇌ 2NO₂ తీసుకోండి. అక్కడ ΔCp కేవలం −3 జౌళ్ళ దరిదాపుల్లో ఉంటుంది, గది ఉష్ణోగ్రత నుంచి యాభై డిగ్రీలు కదిలినా ΔH పట్టిక విలువ 57.2 దగ్గరే నిలుస్తుంది. అక్కడ Kp వాలు 57 ఇస్తుంది, Kc వాలు RT అంత తక్కువగా 54.6 చుట్టూ ఇస్తుంది. Kc నే ఎంథాల్పీ ఇస్తుందన్న మాట నిజమైతే అక్కడా పట్టికతో కలవాలి. కలవదు.

కిరణ్మయి

ఇప్పుడు అర్థమైంది. మరి 450 °C దగ్గర K కనుక్కోవడానికి ఏ వాలు వాడాలి? −104.9 తో Kp నా, −92.9 తో Kc నా?

విశాలాక్షి

ఏదైనా సరే, దేని వాలు దానికే వాడితే చాలు. మీ సంఖ్యలతోనే చూద్దాం. 1/673 − 1/723 = 1.0275×10⁻⁴.

Kp దారిలో ln K = −8.716 − 12619 × 1.0275×10⁻⁴ = −10.012, కాబట్టి Kp = 4.48×10⁻⁵.

Kc దారిలో వాలు 11178. ఆ రేఖ మీద 723 దగ్గర Kc = 0.1586 వస్తుంది. దాన్ని (RT)² తో, అంటే 3520 తో భాగిస్తే Kp = 4.51×10⁻⁵. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. మిగిలిన చిన్న తేడాకు కారణం, రెండు రేఖల్లో ఒకటి తిన్నగా ఉంటే మరొకటి కచ్చితంగా తిన్నగా ఉండలేదు.

చెడగొట్టేది కలగాపులగం. ΔH = −104.9 తీసుకుని Kc మీద ప్రయోగిస్తే 0.137 వస్తుంది, 14 శాతం తక్కువ. పట్టికలోని −92.2 తీసుకుని Kp మీద ప్రయోగిస్తే 5.25×10⁻⁵ వస్తుంది, 17 శాతం ఎక్కువ. వింతేమిటంటే అదే −92.2 ని Kc మీద ప్రయోగిస్తే దాదాపు సరైన జవాబే వస్తుంది! పైన చెప్పిన యాదృచ్ఛికం వల్ల. సరైన జవాబు వచ్చింది కాబట్టి పద్ధతి కూడా సరైనదనే నమ్మకం అలాగే పుడుతుంది.

నాగేంద్ర

నేను కర్మాగారంలో రియాక్టర్ లెక్కలు చూస్తాను. మీ 4.48×10⁻⁵ ను కొలిచిన విలువతో పోల్చి చూడాలనిపించింది. 1923లో లార్సన్, డాడ్జ్ ఇద్దరూ ఇచ్చిన పట్టికలో 450 °C, 10 అట్మాస్ఫియర్ల దగ్గర Kp = 0.00659 అని ఉంది. మీ జవాబుకు అది దాదాపు 150 రెట్లు. రెండు బిందువుల మధ్యనే ఇంత తేడా వస్తే ఈ సమీకరణం ఎందుకు పనికొస్తుంది?

విశాలాక్షి

ఆ పట్టిక ఒక మోల్ అమ్మోనియాకు రాసిన చర్యది నాగేంద్ర గారూ: ½N₂ + 3/2 H₂ ⇌ NH₃. కిరణ్మయి గారు రాసిన చర్య దానికి రెట్టింపు కాబట్టి స్థిరాంకం దాని వర్గం అవుతుంది. 0.00659 ను వర్గం చేయండి, 4.34×10⁻⁵. రేఖ ఇచ్చినది 4.48×10⁻⁵. తేడా 3 శాతం. నిజంగా కొలిచిన సంఖ్యతో ఇంత దగ్గరగా కలవడం చూసి సంతోషం వేసింది, మంచి పోలిక తెచ్చారు.

ΔH కూడా అలాగే చర్యను ఎలా రాశామన్న దానికే కట్టుబడి ఉంటుంది. మీ పట్టికలోని విలువలతో వాలు గీస్తే −52 చుట్టూ వస్తుంది, అది ఒక మోల్ అమ్మోనియాది. ఎంథాల్పీ సరిగ్గా సగమో, రెట్టింపో, మూడోవంతో వచ్చిందంటే కొలతను అనుమానించేముందు K ఏ సమీకరణానిదో చూడాలి. ప్రయోగ దోషాలు అంత శుభ్రమైన భిన్నాలుగా రావు.

రఘురామ్

మూడోవంతు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాది వాయువుల లెక్క కాదు. ప్రయోగశాలలో వెలిగారం, అంటే బోరాక్స్, ద్రావణీయతను 25, 45 °C ల దగ్గర ఆమ్లంతో టైట్రేషన్ చేసి కొలిచాం. సంతృప్త ద్రావణంలో లీటరుకు 0.155, 0.390 మోల్‌లు వచ్చాయి. ఈ రెండింటినీ K స్థానంలో పెడితే ΔH = +36.4 వచ్చింది. మా చేతిపుస్తకంలో దాదాపు 110 అని ఉంది. మీరు చెప్పినట్టే మూడోవంతు. ఇక్కడ చర్యను నేను మూడుతో భాగించి రాయలేదే?

విశాలాక్షి

మీరు పెట్టినది ద్రావణీయత, స్థిరాంకం కాదు. బోరాక్స్ కరిగితే రెండు సోడియం అయాన్లు, ఒక బోరేట్ అయాన్ వస్తాయి. బోరేట్ గాఢత s అయితే సోడియం గాఢత 2s. ద్రావణీయతా లబ్ధం (2s)²·s = 4s³. సంవర్గమానం తీస్తే ఆ నాలుగు నిష్పత్తిలో పోతుంది, ఘాతం మూడు ముందుకు వచ్చి నిలబడుతుంది. 3 × ln(0.390/0.155) = 2.768. మీ ఉష్ణోగ్రతల విలోమాల తేడా 2.1085×10⁻⁴. ΔH = 8.314 × 2.768 / 2.1085×10⁻⁴ = +109.1 కిలోజౌళ్ళు.

మీ కొలతలు బాగున్నాయి. కానీ ఆ మూడు ఇక్కడ ఇంకో పని కూడా చేస్తుంది. ద్రావణీయతలో ఒక్కదానిలో 3 శాతం తప్పు వచ్చినా K లో 9 శాతం అవుతుంది, దాంతో ΔH 3.5 కిలోజౌళ్ళు కదిలిపోతుంది. 45 °C ద్రావణాన్ని పిపెట్‌లోకి తీసేటప్పుడు కాస్త చల్లబడి లోపలే స్ఫటికాలు కట్టినా ఆ 3 శాతం సులువుగా పోతుంది. అందుకే పిపెట్‌ను ముందుగా వెచ్చబెట్టుకోవాలి.

రఘురామ్

వెచ్చబెట్టలేదు. మళ్ళీ చేస్తే ఆ జాగ్రత్త తీసుకుంటాం. ఇంకో ప్రశ్న: 0.39 మోలార్ ద్రావణంలో, అందులోనూ రెండు ఆవేశాల అయాన్ ఉన్నప్పుడు, గాఢతనే నేరుగా K లో పెట్టడం సరైనదేనా?

విశాలాక్షి

సరైనది కాదు. క్రియాశీలత గుణకాలు ఒకటికి చాలా దూరంగా ఉంటాయి. పైగా మీ రెండు ద్రావణాల గాఢతలే వేరు కాబట్టి ఆ గుణకాలు రెండు చోట్లా ఒకటి కావు, నిష్పత్తిలో కొట్టుకుపోవు. 109 అనే సంఖ్యలో ఆ తేడా ఎంత కలిసిపోయి ఉందో ఈ రెండు బిందువులను మాత్రమే చూసి విడదీయలేం.

శ్రీధర్

మళ్ళీ అమ్మోనియాకు వస్తాను. మీరు చెప్పినదంతా ఒప్పుకున్నా, నాకు రెండో బిందువే అనవసరం అనిపిస్తోంది. పట్టికలో 25 °C ΔH° ఉంది, ΔG° ఉంది. ΔG° నుంచి K వస్తుంది. అక్కడినుంచి వాంట్ హాఫ్ సమీకరణంతో ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ప్రయోగం చేసి రెండు K లు కొలవడమెందుకు?

విశాలాక్షి

వెళ్ళి చూద్దాం. ΔG° = −32.8 కిలోజౌళ్ళు కాబట్టి 25 °C దగ్గర ln K = 13.23, K దాదాపు 5.6×10⁵. ΔH ను −92.2 దగ్గరే కట్టేసి 673 కెల్విన్‌లకు వెళితే:

ln K = 13.23 − 11090 × 1.868×10⁻³ = −7.49

K = 5.6×10⁻⁴. ప్రయోగ విలువ 1.64×10⁻⁴. మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఈ సంఖ్యను నమ్మి రియాక్టర్ లెక్క వేస్తే రాని అమ్మోనియాను వస్తుందనుకుంటాం.

ΔCp పదాన్ని చేర్చితే చాలావరకు సర్దుకుంటుంది:

(ΔCp/R)·[ln(T₂/T₁) + T₁/T₂ − 1]

బ్రాకెట్టు విలువ 0.257. ΔCp ని −45.5 దగ్గరే ఉంచితే ఈ పదం −1.41 అవుతుంది. ln K = −8.89, K = 1.37×10⁻⁴. ఈసారి కొంచెం తక్కువ వచ్చింది. కారణం పైన చెప్పిందే, వేడెక్కేకొద్దీ ΔCp బలహీనపడుతుంది, మనం దాన్ని 25 °C బలంతోనే చివరిదాకా లాగాం. ఆ మార్పును కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా దగ్గరికి వస్తుంది.

కాబట్టి మీ దారి పనికిరానిదని అనను. ఉష్ణధారణలు తెలిసి ఉండాలి, అంతే. అవి తెలియని చర్యలకు, రెండు కొలతల మధ్య దూరం తక్కువైతే, ΔH స్థిరమనుకున్న రూపమే సరిపోతుంది. కొలిచిన రెండు ఉష్ణోగ్రతల మధ్యలో దాన్ని ధైర్యంగా వాడవచ్చు. బయటికి వెళ్ళేకొద్దీ రేఖ అసలు వక్రం నుంచి విడిపోతుంది, అది మూడు రెట్లా ముప్పై రెట్లా అన్నది ΔCp చెబుతుంది.

శ్రీధర్

పరీక్షల్లో మాత్రం «ΔH స్థిరమని భావించండి» అనే ఉంటుంది. అక్కడ పట్టిక విలువ పెట్టమంటే పెట్టాల్సిందే.

కిరణ్మయి

నా లెక్కలో ఆ వాక్యం ఉంది. కానీ అది రెండు బిందువుల మధ్య స్థిరమని అర్థం చేసుకుంటున్నాను, 25 °C దాకా స్థిరమని కాదు.

ఒక చిన్న అనుమానం. నా దగ్గరున్న మరో పుస్తకంలో Kc విలువలు 0.50, 0.06 అని ఇచ్చారు. వాటితో చేస్తే ΔU = −91.7 వస్తోంది, −92.9 కాదు. ఏది సరైనది?

విశాలాక్షి

0.06 అన్నది ఒకే అంకె. అసలు విలువ 0.055 నుంచి 0.065 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. వంద డిగ్రీల ఎడంలో ఉన్న మీ రెండు బిందువులకు R/(1/T₁ − 1/T₂) = 43 కిలోజౌళ్ళు. ln K లో వచ్చిన ప్రతి తప్పూ దానితో గుణించుకుని ఎంథాల్పీలోకి దిగుతుంది. 0.06 బదులు 0.065 పెడితే ln K లో 0.08 మార్పు, అంటే మూడున్నర కిలోజౌళ్ళు. కాబట్టి −91.7, −92.9 మధ్య ఎంచుకునే శక్తి ఆ పుస్తకంలోని అంకెలకు లేదు.

ఎడం తగ్గేకొద్దీ ఈ గుణకం పెరుగుతుంది. 25, 35 °C ల దగ్గర మాత్రమే కొలిస్తే అది 76. అప్పుడు రెండు K ల్లోనూ 5 శాతం అనిశ్చితి ఉంటే ΔH లో అయిదు కిలోజౌళ్ళకు పైగా అనిశ్చితి ఉంటుంది. ఎడం పెంచితే ΔH మారిపోతుంది, తగ్గిస్తే కొలత దోషం పెరుగుతుంది. రెండే బిందువులున్నప్పుడు ఈ రెండు బాధలనూ ఒకేసారి తప్పించుకోలేం. మూడో బిందువు ఉంటే వక్రత కనీసం కనిపిస్తుంది.

నాగేంద్ర

పీడనం మాటేమిటి? అదే 1923 పట్టికలో 450 °C దగ్గర 100 అట్మాస్ఫియర్లకు Kp = 0.00725. మరుసటి ఏడాది లార్సన్ ఇచ్చిన విలువ 1000 అట్మాస్ఫియర్లకు 0.0233. ఉష్ణోగ్రత మారలేదు, K మాత్రం మూడున్నర రెట్లయింది. మా పని 10 అట్మాస్ఫియర్ల దగ్గర జరగదు. 200 దగ్గర రెండు ఉష్ణోగ్రతల్లో Kp కొలిచి వాలు గీస్తే, 200 అట్మాస్ఫియర్ల దగ్గరి ΔH వస్తుందా?

విశాలాక్షి

మారుతున్నది నిజమైన స్థిరాంకం కాదు. పాక్షిక పీడనాలతో రాసిన Kp మారుతోంది. నిజమైన K ని ఫ్యుగాసిటీలతో రాయాలి, అది ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. తక్కువ పీడనంలో రెండూ ఒకటవుతాయి, అందుకే 10 అట్మాస్ఫియర్ల విలువ మన రేఖతో అంత బాగా కలిసింది.

200 దగ్గర వాలు గీస్తే అందులో ఆదర్శ వాయువు ΔH తోపాటు, వాయువుల అనాదర్శ ప్రవర్తన వల్ల వచ్చే ఉష్ణం కూడా కలిసి వస్తుంది. ఫ్యుగాసిటీ గుణకాలు మిశ్రమం సంఘటనం మీద ఆధారపడకుండా ఉంటే, ఆ మొత్తమే మీరడిగిన 200 అట్మాస్ఫియర్ల ΔH అవుతుంది. కానీ ఉష్ణోగ్రత మారితే సమతాస్థితిలో అమ్మోనియా శాతమే మారుతుంది, దానితో గుణకాలూ మారతాయి.

నాగేంద్ర

వేడి సమతుల్యం లెక్కల్లో మేం ఆ వాలునే ΔH గా వాడుతుంటాం. రియాక్టర్‌లో కనిపించే ఉష్ణోగ్రత పెరుగుదలతో ఇబ్బందిపడేంత తేడా ఎప్పుడూ రాలేదు. సంఘటనం ప్రభావం మీరంటున్నంత ఉంటుందా?

విశాలాక్షి

గోడల గుండా పోయే వేడి, ఉత్ప్రేరకం దగ్గర సమతాస్థితికి చేరకుండా మిగిలే దూరం, ఇవన్నీ మీ ఉష్ణోగ్రత కొలతలో కలిసి ఉంటాయి కాబట్టి రెండు మూడు కిలోజౌళ్ళ తేడా అక్కడ బయటపడకపోవచ్చు. తేల్చాలంటే మీ పీడనం దగ్గర రెండు ఉష్ణోగ్రతలకు సమతాస్థితి సంఘటనాలు ఇవ్వండి. ఏదైనా స్థితి సమీకరణంతో మూడు వాయువుల ఫ్యుగాసిటీ గుణకాలు కట్టి, సంఘటనాన్ని మార్చి ఒకసారి, మార్చకుండా ఒకసారి వాలు లెక్కిద్దాం.

నాగేంద్ర

400, 450 °C లకు ఇస్తాను. అయితే మా వాయువులో ఆర్గాన్, మీథేన్ కూడా ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోవాలా?

విశాలాక్షి

తీసుకోవాలి. అవి చర్యలో పాల్గొనకపోయినా పాక్షిక పీడనాలను తగ్గిస్తాయి, గుణకాలను కూడా కదిలిస్తాయి. వాటి శాతాలు కూడా ఇవ్వండి.